కుండ వీడియోకి ఐదు లైన్లు, ఐదు హ్యాష్‌ట్యాగ్‌లు: ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 11

కుమ్మరి బాబాయ్ వాళ్ల అబ్బాయి రాత్రి వాట్సాప్‌లో పదకొండు వీడియో ముక్కలు పంపాడు. "అక్కా, ఎండలు వచ్చేస్తున్నాయి. నీళ్ల కుండలకి ఒక రీల్ చేసి పెట్టవా? కింద రాసే మాటలు, ఆ హ్యాష్‌ట్యాగ్‌లు కూడా నువ్వే చూడు." తణుకు చుట్టుపక్కల చిన్న షాపులకి రీల్స్ చేసి పెట్టడం నా పని. కుండలకి ఎప్పుడూ చేయలేదు.

ముక్కలన్నీ మసకగా ఉన్నాయి. మామూలుగా పంపితే వాట్సాప్ వీడియోని కుదించేస్తుంది కదా, డాక్యుమెంట్‌గా పంపమన్నాను. రెండోసారి శుభ్రంగా వచ్చాయి. మొత్తం 14 నిమిషాలు. అందులో 9 నిమిషాలు సారె, అంటే కుమ్మరి చక్రం, తిరగడమే. తీసినవాడికీ చూసేవాడికీ కళ్లు అక్కడే ఆగుతాయి మరి.

పడుకునే ముందు ఒక క్యాప్షన్ రాసేశాను. "మట్టి ముద్దకి ప్రాణం పోసే చేతులు! నూటికి నూరు శాతం చేతి పని. మన సంప్రదాయం, మన ఆరోగ్యం." కింద 24 హ్యాష్‌ట్యాగ్‌లు. బాగానే ఉందనిపించింది.

ఫిబ్రవరి 12

బాబాయ్‌కి చదివి వినిపించాను. ఆయన బీడీ పక్కన పెట్టి చివరిదాకా విన్నాడు.

"బాగుందమ్మా. కానీ ఇది చీరలు నేసేవాళ్ల వీడియో కింద పెట్టినా సరిపోద్ది కదా?"

ఇంకేం చెప్పను. మట్టి అన్న మాట తీసేస్తే అందులో కుండ లేదు. పైగా రెండు తప్పులు కూడా పట్టుకున్నాడు. నూటికి నూరు శాతం చేతి పని అన్నాను, కానీ సారెకి మోటారు ఉంది. కర్ర పెట్టి తిప్పే పాత సారె ఇంటి వెనక గోడకి ఆనించి ఉంది. వీడియోలో మోటారు వైరు కనిపిస్తోంది, నేనే చూసుకోలేదు. రెండోది, ఇంకో చోట "రంగు వేయకుండా సహజంగా వచ్చిన ఎరుపు" అని రాశాను. "పిన్ని ఎర్రమట్టి నీళ్లు పూస్తది కదా, పూయలేదని ఎట్లా రాస్తావ్?" అన్నాడు.

రేపు కొట్టు దగ్గరికొచ్చి కూర్చుంటానన్నాను. చూడకుండా రాస్తే ఇలాగే ఉంటుంది.

ఫిబ్రవరి 13, 14

రెండు రోజులూ అక్కడే ఉన్నాను. పోస్టుకి పనికొచ్చినవి మాత్రం ఇక్కడ రాసుకుంటున్నాను.

మట్టి పని పిన్నిది. చెరువు నుంచి తెచ్చిన నల్ల బంకమన్ను ఎండబెట్టి, పగలగొట్టి, రాళ్లు, వేర్లు ఏరి గుంటలో నానేస్తారు. మర్నాడు కొంచెం సన్న ఇసుక చల్లుతూ కాళ్లతో తొక్కుతుంది. ఇసుక ఎందుకు పిన్నీ అంటే, "ఉత్త బంకమన్నుతో చేస్తే ఆరేటప్పుడు నోరు తెరుస్తది" అంది. బంకమట్టి ఆరుతూ బాగా కుంచించుకుపోతుంది. ఇసుక కుంచించుకోదు కాబట్టి ఆ లాగుడు తగ్గి పగుళ్లు రావు. ఎక్కువైతే మాత్రం సారె మీద మట్టి లేవదు, చిరిగిపోతుంది. తొక్కడం అయ్యాక ముద్దని దారంతో రెండుగా కోసి, కోసిన ముఖం మీద బొటనవేలితో రాసి చూస్తుంది. ఎక్కడైనా గులకరాయో గాలి బుడగో తగిలితే మళ్లీ తొక్కుడే.

పంపిన వీడియోల్లో పిన్ని ఎక్కడా లేదు. అడిగితే అబ్బాయి నవ్వి, "అమ్మ తీయనివ్వలేదక్కా" అన్నాడు. చివరికి ముఖం పడకుండా కాళ్లు మాత్రం తీసుకోమంది.

సారె మీద బాబాయ్‌కి కుండకి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. నేను ఇన్నాళ్లూ అనుకున్నది అక్కడే తల్లకిందులైంది. సారె దిగింది కుండ కాదు. మూతీ మెడా నున్నగా, పూర్తిగా తయారయ్యాయి. కింద గోడ మాత్రం దళసరిగా, నిలువుగా, గొట్టంలా ఉంది. దారంతో కోసి ఎత్తి పక్కన పెట్టాడు. పైనుంచి లోపలికి తొంగి చూస్తే కింద నేల కనిపించింది. అడుగు లేదు!

"బాబాయ్, ఇది పాడైపోయిందా?"

"పాడవడం ఏంటమ్మా. అడుగు రేపు పెడతా."

సారె మీదే పల్చగా, పొట్టతో లాగేస్తే ఏమవుతుందో చేసి చూపించాడు. తడి మట్టికి అంత బరువు మోసే బలం ఉండదు. పొట్ట వెడల్పయ్యాక మూతి బరువుకి గోడ మడతపడి మెల్లగా కూలింది. అందుకే కావలసిన మట్టినంతా గోడలోనే దళసరిగా దాచి, దింపి, కాస్త బిగుసుకున్నాక తెడ్డుతో కొట్టి సాగదీస్తారు.

మర్నాడు ఆ కొట్టుడు చూశాను. ఎడమ చేతిలో గుండ్రటి రాయి, అది కుండ లోపల. కుడి చేతిలో చెక్క తెడ్డు, అది బయట. రాయి ఎక్కడుంటే తెడ్డు సరిగ్గా అక్కడే పడాలి. ఒళ్లో పెట్టుకుని కుండని తిప్పుతూ కొడుతుంటే గోడ పల్చబడి పొట్ట బయటికి వస్తోంది. కింద అంచు కొంచెం కొంచెంగా లోపలికి వంగుతూ వంగుతూ, చివరికి మిగిలిన చిల్లు రూపాయి కాసంతై, తర్వాత మూసుకుపోయింది. రాయికి మట్టి అంటకుండా మధ్యమధ్యలో బూడిదలో అద్దుతున్నాడు. సారె దిగినప్పుడు నా జాన కంటే కొంచెం ఎక్కువున్న గొట్టం, మధ్యాహ్నానికి నా రెండు చేతుల్లో పట్టని కుండైంది. ఎత్తి చూస్తే అంత మట్టికి ఇంత తేలికా అనిపించింది.

అడుగు గుండ్రంగా ఎందుకు, బల్ల మీద నిలబడదు కదా అన్నాను. చదును అడుగైతే గోడా అడుగూ కలిసే మూల ఉంటుంది. ఆరేటప్పుడైనా, కుండలు కాల్చే ఆవంలోనైనా పగులు అక్కడే మొదలవుతుందట. గుండ్రానికి మూల లేదు.

నా క్యాప్షన్ మొదటి లైను నాకు దొరికేసింది. ఆ పదకొండు ముక్కల్లో ఈ కొట్టుడు 14 సెకన్లే ఉంది, అదీ చివర్లో అనుకోకుండా తీసింది. మళ్లీ తీశాను, లోపలి రాయి కనిపించేలా మూతి వైపు నుంచి.

ఫిబ్రవరి 22

కుండలు నీడలో ఆరడానికి ఆరు రోజులు పట్టింది. ఎండలో పెడితే బయట ముందు ఆరి, లోపల తడిగా ఉండి పగులుతుంది. ఆరుతుండగా పిన్ని ఎర్రమట్టి నీళ్లు గుడ్డతో పూసింది. నిన్న పొద్దుటంతా ఎండ చూపించి, రాత్రి ఆవం పెట్టారు. పిడకలు, కట్టెలు, మధ్యలో కుండలు, పైన గడ్డి, దాని మీద మట్టి పూత. మొదటి రెండు గంటలు మంట చాలా చిన్నగా ఉంచారు. మట్టిలో ఇంకా మిగిలిన తడి ఆవిరై నెమ్మదిగా బయటికి పోవాలి. తొందరపడితే ఆవిరి దారి దొరక్క కుండని పగలగొట్టుకుని వస్తుంది.

ఇవాళ పొద్దున తీశారు. 84 పెట్టారు, 7 పోయాయి. ఎలా తెలుస్తుందో చూపించాడు. వేలి కణుపుతో కొడితే మంచిది గంటలా మోగుతుంది. కంటికి కనిపించని నెర్రె ఉన్నది "బొద్దు" మంటుంది. రెండు శబ్దాలూ రికార్డు చేశాను. సినిమా పాట వేద్దామని అబ్బాయి గట్టిగా పట్టుపట్టాడు గానీ, తెడ్డు చప్పుడూ ఈ మోతా ఉండగా పాట ఎందుకు? వద్దన్నాను.

ఫిబ్రవరి 23

ఎడిటింగ్ అయింది. 58 సెకన్లు. మొదటి ఆరు సెకన్లు తొక్కుడు, తర్వాత 14 సెకన్లు సారె, దారంతో కోసి ఎత్తడంతో అది ముగుస్తుంది. 20వ సెకను దగ్గర "మర్నాడు" అని స్క్రీన్ మీద పెద్దగా వేశాను. అది లేకపోతే పక్కపక్కన అతికించిన ముక్కలు చూసి మొత్తం పని పావుగంటలో అయిపోతుందనుకుంటారు. తర్వాత 14 సెకన్లు తెడ్డు, ఏడు సెకన్లు ఆరబెట్టడం, పూత, 11 సెకన్లు ఆవం. చివరి ఆరు సెకన్లు వేలితో మోగించి, నీళ్లు పోయడం.

ఇప్పుడు క్యాప్షన్. ఇన్‌స్టాగ్రామ్ 2,200 అక్షరాల దాకా రాయనిస్తుంది గానీ, రీల్ కింద నొక్కకుండా కనిపించేది దాదాపు మొదటి లైనే. అందుకని వీడియో చూస్తున్నవాడికి కంటితో తెలియనిదేదో ఆ లైనులో ఉండాలి. "కుండ ఎలా తయారవుతుందో చూడండి" అంటే అది వీడియోనే చెబుతోంది కదా. నాలుగు రకాలుగా రాశాను.

"కుండకి అడుగు ఎప్పుడు పెడతారో తెలుసా?" క్విజ్‌లా ఉంది.

"సారె మీద తయారయ్యేది సగం కుండే." నిజమే, కానీ కంటికి ఏమీ కనిపించలేదు.

"12 రోజుల పని 58 సెకన్లలో." ఇది ఎవరైనా రాస్తారు, బిర్యానీ వాడు కూడా.

"సారె దిగేటప్పటికి ఈ కుండకి అడుగు లేదు. 20వ సెకను చూడండి." ఇదే ఉంచాను. చదివినవాడు వెంటనే వేలితో వెనక్కి జరిపి చూస్తాడు, నేను అదే చేస్తాను కాబట్టి.

మిగతా లైన్లలో ఏం ఉండాలన్నది బాబాయ్ దగ్గర కొనేవాళ్లు అడిగే ప్రశ్నల నుంచే తీసుకున్నాను. పిన్నిని అడిగితే గడగడా చెప్పింది: ఎంత పడుతుంది, ఎంతకిస్తారు, కుళాయి ఉందా, మట్టి వాసన ఎప్పుడు పోతుంది. అన్నిటికంటే ఎక్కువగా వచ్చే తగాదా, "మీ కుండ కారుతోంది, మార్చివ్వండి." అది కారడం కాదు. కాలిన మట్టిలో సన్న రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు బయటి గోడకి ఊరి గాలికి ఆవిరవుతుంది, అలా ఆవిరవుతూ కుండలోని వేడిని పట్టుకుపోతుంది. చెమర్చని కుండ చల్లబడదు. నెర్రె ఉన్నదైతే ఒకే చోట గీతలా తడుస్తుంది, కింద మడుగు కడుతుంది. అది తెస్తే మారుస్తామంది. మన గోదావరి వైపు ఉక్కపోత రోజుల్లో గాలిలోనే తడి ఎక్కువ కాబట్టి ఆవిరి తగ్గుతుంది, నీళ్లు అంత చల్లబడవు. అందుకే "ఫ్రిజ్ అక్కర్లేదు" అని నేను రాసిన ముక్క కొట్టేశాను. కిటికీ గాలి తగిలే చోట పెట్టమంటే చాలు.

ధర పెట్టడానికి అబ్బాయి ఒప్పుకోలేదు. మెసేజ్ చేస్తే చెబుదాం అంటాడు. కామెంట్లలో "ధర ఎంత" అని నలభై మంది అడిగితే ఒక్కొక్కరికీ ఎవరు జవాబిస్తారురా అన్నాను. బాబాయ్ నా వైపే మొగ్గాడు.

```
సారె దిగేటప్పటికి ఈ కుండకి అడుగు లేదు. 20వ సెకను చూడండి.

మర్నాడు లోపల రాయి, బయట చెక్క తెడ్డు పెట్టి కొడుతూ పొట్ట పెంచి అడుగు మూస్తారు. నీడలో ఆరు రోజులు, ఆవంలో ఒక రాత్రి. పైన పూసింది ఎర్రమట్టి నీళ్లు.

12 లీటర్ల మట్టి కుండ 250 రూపాయలు, కుళాయితో 320.
కుండంతా చెమరిస్తే కారుతున్నట్టు కాదు, చల్లబడుతున్నట్టు. సబ్బుతో కడగొద్దు.
తణుకు దగ్గర మా కొట్టుకే రావాలి. పార్సిల్ చేయం.
```

సబ్బు సంగతి ఎందుకంటే, చెమర్చే రంధ్రాల్లోకే సబ్బు నీళ్లు కూడా పోతాయి, తర్వాత తాగే నీళ్లకి ఆ వాసన పడుతుంది. పార్సిల్ మాట బాబాయ్ స్వయంగా రాయించాడు. కిందటేడు నాలుగు పంపితే మూడు పెంకులై చేరాయట.

ఫిబ్రవరి 24

హ్యాష్‌ట్యాగ్‌లకి ఒక రోజంతా పోయింది. ఇంత పట్టకూడదు నిజానికి.

పార్సిల్ చేయం అన్న లైను రాశాకే నాకు బుర్రలో దీపం వెలిగింది. ఈ కుండ కొనేవాడు బండి మీద వచ్చి తీసుకెళ్లగలిగినవాడు. నా 24 ట్యాగుల్లో #pottery, #ceramics, #potterylove, #wheelthrown లాంటివే 15 ఉన్నాయి. #pottery నొక్కి చూశాను. గ్లేజు వేసిన కాఫీ కప్పులు, విదేశాల స్టూడియోలు, అందమైన ఏప్రన్లు. వాళ్లు మన వీడియోకి గుండె గుర్తు కొడతారేమో గానీ కుండ కొనరు. #ceramics కింద పింగాణీ సరుకు వెతికేవాళ్లే వస్తారు. #blackpottery ఎందుకు పెట్టానో నాకే తెలియదు, మన కుండ ఎర్రది. గాలి ఆడకుండా మూసిపెట్టి కాల్చే నల్ల కుండల పని వేరు. #handmade ఉంచుదామా అంటే మోటారు గుర్తొచ్చింది. చేత్తో చేసిందన్నది అబద్ధం కాదు, కానీ ఆ వాదన కామెంట్లలో పెట్టుకోవడం నాకిష్టం లేదు. #viral గురించి చెప్పేదేముంది.

ఇన్‌స్టాగ్రామ్ వాళ్ల క్రియేటర్ల ఖాతా 2021లోనే మూడు నుంచి ఐదు చాలని చెప్పింది. ఐదుకి తెచ్చాను.

#మట్టికుండ మొదటిది. మధ్యలో ఖాళీ వదిలితే #మట్టి దగ్గరే ట్యాగ్ తెగిపోతుంది, కుండ మామూలు మాటై పక్కన పడి ఉంటుంది. అబ్బాయి పాత పోస్టులన్నీ అలాగే ఉన్నాయి. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో #mattikunda రెండోది, మన వాళ్లలో సగం మంది ఫోన్‌లో తెలుగుని అలాగే కొడతారు కాబట్టి.

ఇక్కడ తెలుగుకే ఉన్న ఒక చిక్కు తగిలింది. ముందు #వాటర్‌పాట్ అని పెట్టాను. నా ఫోన్ కీబోర్డు ర్ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం పెడుతుంది, ర్ కింద పా ఒత్తుగా పోకుండా. అబ్బాయి ఫోన్‌లో అది పడదు, అక్షరాలు కలిసిపోయి #వాటర్పాట్ అవుతుంది. రెండూ మనకి ఒకే మాట, కంప్యూటర్‌కి వేర్వేరు ట్యాగులు. పైగా కొన్ని చోట్ల ఆ కనిపించని అక్షరం దగ్గరే ట్యాగ్ తెగినా ఆశ్చర్యం లేదు. కాబట్టి తెలుగు ట్యాగ్‌కి మధ్యలో పొల్లు రాని మాటే ఎంచుకోవాలి. మట్టికుండలో ఆ గొడవ లేదు. నీళ్ల కుండ అన్న అర్థానికి ఇంగ్లీషులోనే #claywaterpot పెట్టాను.

#కుమ్మరి పెట్టాలా వద్దా అన్నది నేను తేల్చేది కాదు. అది పని పేరూ, కులం పేరూ. అబ్బాయికి ఇష్టం లేదు, కాలేజీ స్నేహితులు చూస్తారని. బాబాయ్ మాత్రం, "తాతల నాటి నుంచి తింటున్నది దాని మీదేగా, దాచేదేముంది?" అన్నాడు. తండ్రీకొడుకులు కాసేపు మాట్లాడుకోలేదు. లోపల్నుంచి పిన్నే అంది, "సారె అని పెట్టండి, గొడవ పోద్ది." #కుమ్మరిసారె. మూతి, మెడ లేచేది దాని మీదే, వీడియోలో 14 సెకన్లు ఉన్నదీ అదే. ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఐదోది ఊరు, #tanuku. లొకేషన్ కూడా విడిగా పెట్టాను. అమ్మకం మాటకొస్తే మిగతా నాలుగింటి కంటే ఈ ఒక్కటే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

```
#మట్టికుండ #mattikunda #కుమ్మరిసారె #claywaterpot #tanuku
```

యూట్యూబ్ షార్ట్స్‌కి క్యాప్షన్ మొదటి లైనే శీర్షిక. అక్కడ 100 అక్షరాల హద్దు, మనది లోపలే ఉంది.

ఫిబ్రవరి 25

సాయంత్రం ఆరున్నరకి పెట్టాం. పెట్టింది అబ్బాయి. ఏడింటికి చూస్తే మొదటి లైను ముందు "నూటికి నూరు శాతం చేతి పని!!" అని వాడే కలిపేశాడు. నేను ఫోన్ చేసేలోపే ఎవరో "మరి కింద ఆ వైరేంటి బ్రదర్" అని అడిగారు. క్యాప్షన్‌ని పెట్టాక కూడా మార్చుకోవచ్చు కాబట్టి ఆ ముక్క తీయించాను. కామెంట్ మాత్రం తీయనివ్వలేదు. "సారె తిరిగేది మోటారుతోనే అండీ, కొట్టేది నాన్న చేత్తో" అని జవాబు రాయించాను. ఆ జవాబుకే ఎక్కువ లైకులు వచ్చాయి.

మార్చి 4

వారం తర్వాత లెక్క. రీల్‌ని 3,900 సార్లు చూశారు. నా షాపుల రీల్స్‌తో పోలిస్తే గొప్పేం కాదు. ధర అడిగిన కామెంట్లు రెండే, ఆ ఇద్దరూ క్యాప్షన్ తెరవనివాళ్లు. "అడుగు లేకుండానా!" అన్నవాళ్లు పదిమంది పైనే. ఒకావిడ వాళ్ల తాతగారు అచ్చంగా అలాగే కొట్టేవారని, ఆయన దగ్గరి రాయి ఇప్పటికీ ఇంట్లో ఉందని రాసింది. పిన్ని అది నాతో రెండుసార్లు చదివించుకుంది.

కొట్టుకి వచ్చినవాళ్లని ఎలా తెలిసిందని అబ్బాయి ఓపిగ్గా అడిగి రాసి పెట్టాడు. 31 మంది వచ్చారు. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి వచ్చినవాళ్లు 9. మిగతా 22 మంది వాట్సాప్‌లోనే, ఎవరో స్టేటస్‌లో పెడితేనో అపార్ట్‌మెంట్ గ్రూపులో వస్తేనో. అక్కడ హ్యాష్‌ట్యాగ్ దేనికీ పనికిరాదు. నేను మాత్రం దానికి ఒక రోజు ధారపోశాను! వాట్సాప్ కోసం విడిగా మూడు లైన్లు రాసిచ్చాను: అడుగు లైను, ధర, మూడో లైనులో రైల్వే గేటు దాటాక ఎటు తిరగాలో. ఫార్వర్డ్ అయ్యేటప్పుడు వీడియో ఒక్కటే వెళ్లి మాటలు రాలిపోతున్నాయని గమనించి, ధరా దారీ వీడియో చివరి మూడు సెకన్ల మీదే అక్షరాలుగా వేశాను.

కారుతోందని తిరిగొచ్చిన కుండ ఈ వారం ఒకటే. మోగించి చూస్తే నిజంగానే నెర్రె ఉంది. మార్చి ఇచ్చారు.

బాబాయ్ ఇప్పుడు కార్తీకానికి ప్రమిదల వీడియో అంటున్నాడు. ప్రమిదకి తెడ్డు పని లేదు, సారె మీదే ఒక ముద్ద నుంచి వరసగా ఇరవై ముప్పై కోసేస్తాడు. ఈ మొదటి లైను దానికి పనికిరాదు. దసరాకి ముందు మళ్లీ రెండు రోజులు వెళ్లి కూర్చోవాలి.